జాక్ దగ్గరికి వచ్చేసరికి బౌల్ ఎందుకు అంత తిరుగుతోంది? ఆ ఎండ్‌లో నాకు ఒకటా, మూడా?

నిజాంపేట వంశీ

అందరికీ నమస్కారం. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన మహిళల జట్టు, నలుగురేసి ఆడే ఫోర్స్ ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించిన రోజు నుంచి మా ఇంట్లో లాన్ బౌల్స్ మాటే. మొన్న మా అక్కా బావా ఆక్లాండ్ నుంచి వస్తూ రెండు సెట్ల బౌల్స్, వాటికి గురిగా ఉండే చిన్న తెల్ల బంతి, అంటే జాక్, ఒకటి తెచ్చారు. ఆడడానికి పచ్చిక లేదు కాబట్టి మా దగ్గరున్న బాక్స్ క్రికెట్ టర్ఫ్ తెల్లవారుజామున ఒక గంట అద్దెకు తీసుకుంటున్నాం. పొడవు దాదాపు 30 మీటర్లు. జాక్ కనీసం 23 మీటర్లు పోవాలన్న నిబంధనకు సరిగ్గా సరిపోతోంది.

నాకు రెండు సందేహాలు. మొదటిది: నేను కుడిచేతి వాటం. జాక్‌కు కుడివైపుగా వదులుతాను, బౌల్ ఎడమకు తిరుగుతూ వస్తుంది. సగం దూరం దాకా దాదాపు తిన్నగా పోతుంది, చివరి రెండు మూడు మీటర్లలో ఒక్కసారిగా తిరిగి జాక్ ముందు నుంచి అటు పక్కకు పోతుంది. సరే అని గట్టిగా వదిలితే తిరగకుండా కుడివైపు నుంచే దాటిపోతుంది. రెండు వారాలుగా ఇదే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

రెండోది ఒక ఎండ్, అంటే ఇద్దరూ తమ బౌల్స్ అన్నీ వేసే ఒక రౌండు, స్కోరు గొడవ. అది విడిగా రాస్తాను.

గచ్చిబౌలి తేజ

బ్రో, ఇది రివర్స్ స్వింగ్ సూత్రమే. బంతికి ఒక వైపు నునుపుగా, ఇంకో వైపు గరుకుగా ఉంటే గాలి పక్కకు నెడుతుంది. నీ బౌల్ ఒక వైపు తుడిచి చూడు.

నిజాంపేట వంశీ

తేజా, తుడిచి చూశాను, తేడా ఏమీ లేదు. పైగా ఇది నేల మీద దొర్లే వస్తువు.

మల్కాజిగిరి రఘు

గాలికి సంబంధం లేదు. బౌల్ లోపల ఒక పక్క సీసం పోసి ఉంటుంది. బరువున్న పక్కకు ఒరుగుతుంది, అంతే. గుర్తు కోసం ఆ పక్కన చిన్న బొమ్మ వేస్తారు. చిన్న బొమ్మ ఎటు ఉంటే అటు తిరుగుతుంది. గట్టిగా వదిలితే ఆ పక్కకు తిరిగే గుణం, అంటే బయాస్, పనిచేయదు, అందుకే నీది తిన్నగా పోతోంది.

సైనిక్‌పురి ప్రసాదరావు

రఘు గారు చెప్పినదాంట్లో చిన్న బొమ్మ మాట నూటికి నూరు పాళ్లు నిజం. సీసం మాట పాత కాలానిది. కట్టెతో చేసిన రోజుల్లో అలా బరువు పెట్టేవారు, ఇప్పుడు ఆట నిబంధనలు ఒప్పుకోవు. ఇప్పటి బౌల్ లోపలంతా ఒకే పదార్థం. తేడా అంతా ఆకారంలోనే ఉంది. మీ బౌల్‌ను కళ్లకు ఎదురుగా పట్టుకుని అంచు మీదుగా చూడండి. అది గుండ్రంగా ఉండదు, రెండు బుగ్గలూ ఒకేలా ఉండవు. ఒక బుగ్గ కొద్దిగా ఎక్కువ చెక్కినట్టు ఉంటుంది. ఆ తేడా వల్ల బరువు కేంద్రం అది దొర్లే గీత మీద కాకుండా కాస్త పక్కకు ఉంటుంది.

నేను మెల్‌బోర్న్‌లో పదకొండేళ్లు క్లబ్ బౌల్స్ ఆడి వచ్చాను. కొత్తవాళ్లంతా వంశీ అడిగిన ప్రశ్నే అడుగుతారు. గట్టిగా వదిలితే బయాస్ పనిచేయదన్నది మాత్రం నేను ఒప్పుకోను. బయాస్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, దానికి సమయం చాలదు, అంతే. ఎందుకలా అన్నది నాకంటే సైన్సు చదివినవాళ్లు బాగా చెప్పగలరు.

రాజ్యలక్ష్మి, ఫిజిక్స్ లెక్చరర్

నేను ఈ ఆట ఎప్పుడూ ఆడలేదు. కానీ ఈ వంపు సంగతి నాకు చాలా ఇష్టమైనది, కొంచెం వివరంగా రాస్తాను.

చిన్నప్పుడు పాత సైకిల్ టైరును కర్రతో కొడుతూ వీధిలో పరుగెత్తించినవాళ్లు గుర్తు చేసుకోండి. జోరుగా పోతున్నప్పుడు టైరు కాస్త ఎడమకు ఒరిగినా పడిపోదు, మెల్లగా ఎడమకు తిరుగుతుంది. జోరు తగ్గేకొద్దీ ఆ తిరగడం ఎక్కువవుతుంది. చివరికి చిన్న సున్నా చుట్టి పడుతుంది. బౌల్ చేసేది ఇదే. బరువు కేంద్రం పక్కకు ఉంది కాబట్టి భూమి దాన్ని ఎప్పుడూ ఆ పక్కకు పడేయాలని లాగుతూ ఉంటుంది. దొర్లుతున్న వస్తువు ఆ లాగుడుకు పడిపోవడంతో కాక, దారి మళ్లడంతో జవాబు చెబుతుంది.

ఇక వేగం సంగతి. బౌల్ ఎంత వేగంగా దొర్లుతుంటే దాని దారి మళ్లించడం అంత కష్టం. వేగం సగానికి పడితే, ఒక సెకనులో మళ్లే కోణం రెట్టింపు అవుతుంది. ఆ సెకనులో అది నడిచే దూరం కూడా సగమే కాబట్టి, నేల మీద కనిపించే వంపు నాలుగు రెట్లు బిగుస్తుంది. అందుకే సగం దూరం తిన్నగా పోయినట్టు, చివర్లో ఎవరో లాగినట్టు కనిపిస్తుంది. లాగే బలం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే.

నిజాంపేట వంశీ

మేడమ్, టైరు మాటతో మొత్తం అర్థమైంది. అయితే నేను చేయాల్సింది ఏమిటి? ఇంకా కుడికి గురి పెట్టాలా, ఇంకా మెల్లగా వదలాలా?

సైనిక్‌పురి ప్రసాదరావు

వంశీ, ముందు నాకు మూడు విషయాలు చెప్పు. వదిలేటప్పుడు కళ్లు ఎక్కడ ఉంటాయి? అడుగు ఎటు వేస్తావు? ఒక బౌల్ తప్పాక తర్వాతి బౌల్‌లో ఏమేం మారుస్తావు?

నిజాంపేట వంశీ

కళ్లు జాక్ మీదే సర్. అడుగు కూడా జాక్ వైపే. బౌల్ ఎడమకు పోయిందంటే తర్వాత ఇంకా కుడికి గురి పెట్టి, మళ్లీ చేరదేమో అని కాస్త గట్టిగా వదులుతాను.

సైనిక్‌పురి ప్రసాదరావు

అదే జరుగుతోంది. రెండూ ఒకేసారి మారుస్తున్నావు. కాబట్టి ఏది తప్పో నీకు ఎప్పటికీ తెలియదు.

మ్యాట్ మీద నిలబడ్డాక జాక్‌ను మర్చిపో. జాక్ ఎంత దూరంలో ఉందో చూసుకో, తర్వాత దాని వంక చూడకు. జాక్ వెనక నెట్ దగ్గర ఒక స్తంభమో, తాడు ముడో గుర్తు పెట్టుకో. పాదాలు, భుజాలు, చేయి అన్నీ ఆ గుర్తు వైపే ఉండాలి. అడుగు ఆ గీత మీదే పడాలి. నువ్వు అడుగు జాక్ వైపు వేసి చేయి మాత్రం కుడికి తిప్పుతున్నావు. అలా చేస్తే చేయి శరీరానికి అడ్డంగా వస్తుంది, బౌల్ ఒరిగి ఊగుతూ పోతుంది. బౌల్ మీది రంగు ఉంగరం గమనించు. అది తొణకకుండా నిలకడగా తిరిగితే వదలడం బాగుంది. గిలగిల ఊగితే ఆ బౌల్ ఎక్కడ ఆగిందో చూసి ఏ నిర్ణయానికీ రావద్దు.

చేతిని నేల దాకా దించి, బౌల్‌ను గడ్డి మీద పెట్టినట్టు వదులు. ఎత్తు నుంచి దబ్బున పడితే మొదటి మీటరులోనే జోరు పోతుంది. వదిలే క్షణంలో ఒక పాదం మ్యాట్ మీద గానీ మ్యాట్ పైన గాలిలో గానీ ఉండాలి.

ఇక ఎంత కుడికి అన్నది. అది నీ చేతిలో లేదు, గడ్డి చేతిలో ఉంది. బౌలర్లు గడ్డి వేగాన్ని సెకన్లలో చెబుతారు. చేతి నుంచి వదిలిన బౌల్ సుమారు 27 మీటర్ల దగ్గర ఆగేలా వేసి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఎక్కువ సెకన్లు పడితే అది వేగమైన గ్రీన్. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ, వేగమైన గడ్డి మీద బౌల్‌ను మెల్లగా వదిలితే చాలు, అది చాలాసేపు దొర్లుతూ ఉంటుంది. ఎక్కువసేపు దొర్లితే బయాస్‌కు ఎక్కువ సమయం దొరుకుతుంది, వంపు పెద్దదవుతుంది. నీ టర్ఫ్ మీద సెకన్లు లెక్కపెట్టి రాయి.

కూకట్‌పల్లి సుజాత

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారికి 71 ఏళ్లు, మోకాళ్లు వంగవు. ఈ ఆట పెద్దవాళ్లు ఆడతారని విన్నాను. నేల దాకా వంగాలంటే ఆయన వల్ల కాదు. వేరే మార్గం ఉందా?

సైనిక్‌పురి ప్రసాదరావు

ఉందమ్మా. బౌలింగ్ ఆర్మ్ అని ఒక పొడవాటి కర్రలాంటి పరికరం దొరుకుతుంది. కింది చివరన బౌల్‌ను పట్టుకునే పంజా ఉంటుంది, పైన పిడి నొక్కితే వదులుతుంది. నిలబడే ఆడవచ్చు. మా క్లబ్బులో సగం మంది దానితోనే ఆడేవారు. బౌల్ చిన్న సైజుది తీసుకోండి. పెద్దవి దాదాపు ఒకటిన్నర కిలో ఉంటాయి, భుజానికి భారం. ఆయన డాక్టరుతో ఒక్క మాట అనుకుని మొదలుపెట్టండి.

మల్కాజిగిరి రఘు

వంశీకి నా వైపు నుంచి ఒక సలహా. తక్కువ దూరంలో ఆగిపోయిన బౌల్‌ను చూసి గురి మార్చకు. అది తన వంపు ఇంకా పూర్తి చేయలేదు. ఇంకో రెండు మీటర్లు పోయి ఉంటే లోపలికి వచ్చేదే.

రాజ్యలక్ష్మి, ఫిజిక్స్ లెక్చరర్

రఘు గారూ, ఇది చాలామంది అనుకునేదే, కానీ లెక్క వేరేలా చెబుతోంది. ఆగబోయే ముందు వంపు బిగుస్తుంది కదా. తక్కువ దూరంలో ఆగిన బౌల్ కూడా ఆగబోయే ముందు అలాగే బిగుసుకుని తన వంపు పూర్తి చేసుకునే ఆగుతుంది. 20 మీటర్ల దారి, 25 మీటర్ల దారి ఒకే బొమ్మకు చిన్నదీ పెద్దదీ అన్నట్టు ఉంటాయి. గడ్డి ఒకటే, గురి ఒకటే అయితే, వదిలిన చోటు నుంచి చూసినప్పుడు రెండూ ఒకే సరళరేఖ మీద ఆగుతాయి. ఒకటి దగ్గర, ఒకటి దూరం. అంటే గురి కోణం దూరాన్ని బట్టి మారదు, గడ్డిని బట్టి మారుతుంది.

వంశీ గట్టిగా వేసిన బౌల్ జాక్‌కు కుడివైపు నుంచి దాటిపోవడానికి కారణం కూడా ఇదే. అది 27 మీటర్ల దగ్గర ఆగాల్సిన బౌల్. 24 మీటర్ల దగ్గరున్న జాక్ పక్క నుంచి పోయేటప్పటికి ఇంకా బయటే ఉంటుంది.

సైనిక్‌పురి ప్రసాదరావు

మేడమ్ చెప్పినదాన్ని మైదానంలో పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. మ్యాట్ మధ్య నుంచి జాక్ దాకా ఒక సన్నని తాడు నేలకు ఆనించి పరచు. ఆరు బౌల్స్ ఒకే గుర్తు వైపు వదులు. తాడు మీదో, దానికి ఒక జానెడు లోపో ఆగి, దూరం మాత్రం తక్కువైతే నీ గురి సరైనదే. జోరు ఒక్కటి పెంచు. తాడు దాటి ఎడమకు వెళ్తే గురి ఇరుకు, గుర్తును ఇంకా కుడికి జరుపు. తాడు దాకా రాకుండా కుడివైపే ఆగితే గురి వెడల్పు, గుర్తును లోపలికి తీసుకో. గురి కుదిరేదాకా దూరం సంగతి పట్టించుకోకు.

మల్కాజిగిరి రఘు

లెక్క ఒప్పుకుంటాను. కానీ బాక్స్ క్రికెట్ టర్ఫ్ అంటే గడ్డి పోచలు ఒక వైపుకు వాలి ఉంటాయి, కింద రబ్బరు గుండలు ఉంటాయి. అక్కడ మెల్లగా పోయే బౌల్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. చివరి వంపుకు అవకాశం ఉండదు. ఆ టర్ఫ్ మీద నా మాటే నిలుస్తుందని నా నమ్మకం.

నిజాంపేట వంశీ

ఆదివారం ఫలితాలు. మా టర్ఫ్ మీద 27 మీటర్లకు 9 సెకన్లు పట్టింది, మూడు సార్లు వేస్తే మూడు సార్లూ దాదాపు అంతే. తాడు పరిచాను. జాక్ 24 మీటర్ల దగ్గర. నేను ఇన్నాళ్లూ జాక్‌కు కుడివైపు సుమారు 80 సెంటీమీటర్ల దగ్గర గురి పెడుతున్నాను. ఆరింటిలో అయిదు తాడు దాటి ఎడమకు వెళ్లాయి. గుర్తును 1.3 మీటర్లకు జరిపాక ఆరింటిలో నాలుగు తాడుకు జానెడు లోపు ఆగాయి. వాటిలో రెండు 21 మీటర్ల దగ్గరే ఆగాయి, అయినా తాడు పక్కనే ఉన్నాయి! మేడమ్ లెక్క కళ్లారా చూశాను.

కానీ బ్యాక్‌హ్యాండ్ వేరుగా ఉంది. చిన్న బొమ్మ కుడివైపు పెట్టుకుని ఎడమకు వదిలితే 1.3 మీటర్లు చాలలేదు. 1.6 దాకా పోవాల్సి వచ్చింది.

సైనిక్‌పురి ప్రసాదరావు

9 సెకన్లంటే చాలా బరువైన, అంటే నెమ్మదైన గడ్డి. న్యూజిలాండ్‌లో మీ బావ 15, 16 సెకన్ల గ్రీన్ మీద ఆడి ఉంటే అక్కడ గురి దాదాపు పక్కవాళ్లు ఆడే రింక్‌లోకి పెట్టి ఉంటారు. అందుకే ఆయనకు కూడా ఇక్కడ మొదట్లో ఇబ్బంది అయి ఉంటుంది.

రెండు చేతులకూ తేడా రావడం నిజమైన గ్రీన్‌ల మీద కూడా ఉంటుంది. వాననీళ్లు పోవడానికి టర్ఫ్‌కు వాలు ఇచ్చి ఉండవచ్చు. అవతలి చివర నుంచి ఆడి చూడు. వాలు వల్లనైతే అటు నుంచి ఫోర్‌హ్యాండ్‌కే ఎక్కువ వెడల్పు కావాలి.

మల్కాజిగిరి రఘు

పోచల వాలు వల్లనైనా అదే జరుగుతుంది సర్. అటు నుంచి ఆడితే రెండింటిలో ఏదో తేలదు.

సైనిక్‌పురి ప్రసాదరావు

నిజమే. దువ్వెన బ్రష్‌తో పోచలను అవతలి పక్కకు దువ్వి మళ్లీ ఆడితే తేలవచ్చు. టర్ఫ్ వాళ్లు ఒప్పుకోవాలి.

నిజాంపేట వంశీ

వాళ్లను అడుగుతాను. ఇప్పుడు స్కోరు సంగతి. సింగిల్స్, ఒక్కొక్కరికి నాలుగు బౌల్స్. బావవి ఆకుపచ్చ, నావి నలుపు.

బావ మొదటిది జాక్‌కు 60 సెంటీమీటర్ల ముందు ఆగింది. నాది జాక్ దాటి మీటరు వెనక ఆగింది. బావ రెండోది 40, నా రెండోది 30. అప్పటికి షాట్, అంటే జాక్‌కు అతి దగ్గరి బౌల్, నాది. బావ మూడో బౌల్ గట్టిగా వచ్చి జాక్‌ను తాకింది. జాక్ సరిగ్గా మీటరు వెనక్కి జరిగి, నా మొదటి బౌల్ పక్కన ఆగింది. బావ బౌల్ మాత్రం దొర్లుతూ పోయి చివర నెట్‌కు ఆనుకుని ఆగింది. నా మూడోది కొత్త చోట ఉన్న జాక్‌కు 50 దూరంలో ఆగింది. బావ నాలుగోది 45. నా చివరిది 70.

నాకు మూడు పాయింట్లని నా వాదన. జాక్ చుట్టూ నావే మూడున్నాయి.

ఆక్లాండ్ బావ

ఈ చర్చ గురించి వంశీ చెప్పాడు, నేనూ రాస్తున్నాను. నాలుగో బౌల్ నాది 45 దూరంలో ఉంది. వాడికి ఒక్కటే. ఇంకో మాట, నెట్ దగ్గరున్న నా బౌల్ చచ్చిపోయిందని వంశీ తీసి పక్కన పెట్టాడు. అది తప్పు.

సైనిక్‌పురి ప్రసాదరావు

ముందు దూరాలన్నీ జాక్ ఆఖరున ఎక్కడ ఉందో అక్కడి నుంచే. పాత చోటు నుంచి కొలిచినవన్నీ మర్చిపోండి. వంశీ మొదటి బౌల్ పాత లెక్కలో మీటరు దూరం, కొత్త లెక్కలో అదే అన్నిటికంటే దగ్గర. ఎంతుంది?

నిజాంపేట వంశీ

15 సెంటీమీటర్లు. నా రెండోది ఇప్పుడు 1.1 మీటర్ల పైన. బావ రెండోది 80, మొదటిది మీటరున్నర పైన.

సైనిక్‌పురి ప్రసాదరావు

ఇప్పుడు దగ్గర నుంచి వరసగా చదువు. 15 నీది, 45 ఆయనది, 50 నీది, 70 నీది, 80 ఆయనది. ఎదుటివాళ్ల అతి దగ్గరి బౌల్ ఎక్కడ అడ్డం పడుతుందో అక్కడ లెక్క ఆగిపోతుంది. 15 తర్వాతే ఆయనది వచ్చింది. కాబట్టి నీకు ఒక్కటే. ఆయన ఆ నాలుగో బౌల్ వేయకపోతే ఆయన అతి దగ్గరిది 80 అయ్యేది, నీకు మూడు వచ్చేవి. ఆయన చివరి బౌల్ ఒక్క పాయింటు కూడా తేలేదు గానీ రెండు పాయింట్లు కాపాడింది. బౌల్స్‌లో మంచి చివరి బౌల్ అంటే చాలాసార్లు ఇలాంటిదే.

ఇక నెట్ దగ్గర బౌల్. అసలు గ్రీన్ చివర డిచ్ అనే గుంట ఉంటుంది. జాక్‌ను తాకకుండా డిచ్‌లో పడితే ఆ బౌల్ చచ్చినట్టే. తన దారిలో జాక్‌ను తాకి తర్వాత డిచ్‌లో పడితే అది టచర్, బతికే ఉంటుంది. అందుకే తాకిన బౌల్ మీద సుద్దతో గీత పెడతారు. మీరు నెట్‌ను డిచ్ అనుకుని ఆడుతుంటే బావగారి బౌల్ బతికే ఉంది, తీయకూడదు. జాక్‌కు దాదాపు మూడు మీటర్ల దూరం కాబట్టి ఈ ఎండ్‌లో స్కోరు మారలేదు. వంశీ చివరి బౌల్ జాక్‌ను కూడా నెట్ దాకా కొట్టి ఉంటే? అప్పుడు ఆ ఆకుపచ్చ బౌలే షాట్ అయ్యేది.

గచ్చిబౌలి తేజ

45, 50 అంటే కంటితో తేలదు కదా. ఎలా కొలిచారు? ఇద్దరివీ సమానంగా వస్తే ఏం చేస్తారు?

ఆక్లాండ్ బావ

టేపుతో, జాక్ అంచు నుంచి బౌల్ దగ్గరి అంచు దాకా. కొలిచేటప్పుడు ఏదీ కదలకుండా వంశీ వాళ్ల అక్క పట్టుకుంది. ఇద్దరి అతి దగ్గరి బౌల్స్ సరిసమానమైతే ఆ ఎండ్‌లో ఎవరికీ పాయింట్లు ఉండవు, కానీ ఎండ్ ఆడినట్టే లెక్క. ఇంకొకటి, చివరి బౌల్ ఒరిగి పడేలా ఉంటే 30 సెకన్లు ఆగమని అడగవచ్చు. మా క్లబ్బులో ఒకసారి అలా ఆగినప్పుడు బౌల్ వాలి షాట్ మారింది.

కూకట్‌పల్లి సుజాత

అయితే నెట్‌కు తగిలి వెనక్కి దొర్లి వచ్చిన బౌల్ సంగతేమిటి? టర్ఫ్‌లో అది తరచూ జరుగుతుంది కదా. నాన్నగారు అడగమన్నారు.

సైనిక్‌పురి ప్రసాదరావు

జాక్‌ను ముందే తాకని బౌల్ అయితే, గట్టుకు తగిలి వెనక్కి వచ్చినా చచ్చినట్టే అమ్మా, తీసేయాలి. టచర్ అయితే వచ్చిన చోటే ఉంచాలి. నెట్ కింద దుప్పటి మడతపెట్టి పెడితే వెనక్కి రావడం తగ్గుతుంది.

నిజాంపేట వంశీ

ఒక్కటే అని ఒప్పుకున్నాను బావా. ఎండ్ నేనే గెలిచాను కాబట్టి ఆదివారం మ్యాట్ వేసి జాక్ వదిలేది నేనే. టర్ఫ్ వాళ్లు బ్రష్‌కు సరేనన్నారు. ముందు అవతలి చివర నుంచి ఆరు ఫోర్‌హ్యాండ్, ఆరు బ్యాక్‌హ్యాండ్ వేసి, దువ్వాక మళ్లీ అవే వేస్తాను. రఘు గారు, కుదిరితే మీరూ రండి. సుద్ద, టేపు, తాడు మా దగ్గర ఉన్నాయి.

మల్కాజిగిరి రఘు

వస్తాను. ఆరు చాలవు, పన్నెండేసి వేద్దాం.